పదిహేను కాల్స్ దాకా బాగానే, పదహారో కాల్ నుంచి తికమక

ప్రశ్న: మాది నెల్లూరు పొగతోటలో డయాగ్నస్టిక్ సెంటర్. ఒకేసారి చాలా కాల్స్ మోసే మా పీఆర్ఐ ఫోన్ లైన్‌లో 32 స్లాట్లని చెప్పి 30 కాల్సే ఇస్తున్నారు. పైగా పోయిన నెల, సెంటర్లో కాల్స్ పంచే ఈపీఏబీఎక్స్ పెట్టెని అప్‌డేట్ చేసినప్పటి నుంచి రద్దీ వేళ కొన్ని కాల్స్‌లో మాట వినపడదు, ఒక్కోసారి వేరే పేషెంట్ గొంతు వినిపిస్తుంది. సర్వీసు వాళ్లేమో లైన్ ఓకే అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఆ రెండు స్లాట్లూ ఎవరూ కాజేయలేదు. మీ లైన్‌లో సెకనుకి 8000 ఫ్రేములు వెళ్తాయి. ఒక్కో ఫ్రేములో 32 స్లాట్లు, స్లాట్‌కి 8 బిట్లు. మొత్తం గుణిస్తే 20,48,000 బిట్లు, అంటే 2.048 ఎంబీపీఎస్. స్లాట్ల లెక్క 1 నుంచి కాదు, 0 నుంచి మొదలై 31తో ముగుస్తుంది. 0వ స్లాట్ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికి పోతుంది. 16వ స్లాట్‌లో ఎవరు ఎవరికి చేస్తున్నారు, ఏ చానెల్‌లో మాట్లాడాలి అనే సిగ్నలింగ్ నడుస్తుంది. మాటకి మిగిలేవి 1 నుంచి 15, మళ్లీ 17 నుంచి 31. అవి ముప్పై.

మీ అసలు జబ్బు ఈ 16 దగ్గరే ఉంది. పదహారో మాట చానెల్‌ని ఎక్స్ఛేంజ్ 17 అని పిలుస్తుంది, ఎందుకంటే అది 17వ స్లాట్‌లో ఉంది. కొన్ని ఈపీఏబీఎక్స్‌లు మాత్రం మధ్యలో ఖాళీ వదలకుండా 1 నుంచి 30 వరకు వరసగా లెక్కపెడతాయి. ఇది సెట్టింగుల్లో ఉండే ఒక ఆప్షన్, ఎక్స్ఛేంజ్‌తో కలిసేలా పెట్టుకోవాలి. మీ లక్షణాలు చూస్తే అప్‌డేట్ దాన్ని ఫ్యాక్టరీ పద్ధతికి తిప్పేసినట్టుంది.

ఉదయం పదిన్నరకి పదిహేను కాల్స్ నడుస్తున్నాయనుకోండి. వాటికి ఏ ఇబ్బందీ లేదు, 15 వరకు ఇద్దరి లెక్కా ఒకటే. పదహారో కాల్ కావలి నుంచి వచ్చింది. ఎక్స్ఛేంజ్ "17లో మాట్లాడు" అంది. మీ పెట్టె దాన్ని పదిహేడో మాట చానెల్ అనుకుని 18వ స్లాట్‌కి వెళ్లింది. కావలి ఆయన 17లో హలో హలో అంటుంటాడు, మీ రిసెప్షన్ అమ్మాయి 18లో. ఇద్దరికీ నిశ్శబ్దమే. ఇంతలో ఆత్మకూరు నుంచి పదిహేడో కాల్ వచ్చి 18వ స్లాట్‌లో కూర్చుంది. కావలి పేషెంట్ లైన్‌లో ఉన్నాడనుకుంటున్న మీ అమ్మాయి చెవిలో ఆత్మకూరు పేషెంట్ మాట పడుతుంది. చివరికి ఎక్స్ఛేంజ్ 31 అని పిలిస్తే మీ పెట్టెకి అలాంటి చానెలే లేదు కాబట్టి ఆ కాల్ నిలవదు.

ఫ్రేములూ సిగ్నలింగూ రెండూ బాగానే ఉన్నాయి కాబట్టి దీపం పచ్చగానే వెలుగుతుంది. సర్వీసు వాళ్లు అబద్ధమాడలేదు, దీపం చూసి వెళ్లిపోయారంతే.

రుజువు కావాలంటే రాత్రి రద్దీ లేనప్పుడు అవుట్‌గోయింగ్ కాల్స్ చివరి చానెల్ నుంచి మొదలయ్యేలా పెట్టి మీ మొబైల్‌కి ఒక్క కాల్ చేయండి. రింగవుతుంది, ఎత్తితే రెండు వైపులా నిశ్శబ్దం. అదైతే లెక్క తేడాయే. లినక్స్ మీద DAHDI డ్రైవర్‌తో నడిచే సిస్టమ్ అయితే `/etc/dahdi/system.conf`లో సరైన లెక్క ఇలా కనిపించాలి:

```
span=1,1,0,ccs,hdb3,crc4
bchan=1-15,17-31
dchan=16
```

ఇక నన్ను భయపెట్టే సంగతి. పేరు అడిగి, కంప్యూటర్లో చూసి, షుగర్ రిపోర్టో ఇంకా సున్నితమైన రిపోర్టో ఫోన్‌లో చదివేసే అలవాటు మన సెంటర్లలో ఉంది. మధ్యలో చెవి మారితే ఎవరి రిపోర్టు ఎవరు విన్నట్టు? బాగయ్యే దాకా ఫోన్‌లో రిపోర్టులు చదవడం మానేయండి. అసలు అప్‌డేట్ పేరుతో కస్టమర్ సెట్టింగులు చెరిపేసి, ఏం చెరిపానో ఒక్క ముక్క కూడా చెప్పని పెట్టెల్ని తయారుచేసిన వాళ్లని ఏమనాలో నాకు తెలియదు. చానెల్ లెక్క చెరిగిందంటే ఐఎస్‌డీ నిషేధమూ అడ్మిన్ పాస్‌వర్డూ కూడా చెరిగి ఉండొచ్చు. దూరం నుంచి సరిచేయడానికని సర్వీసు వాళ్లు ఆ పెట్టెని ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేసి ఉంటే, శనివారం రాత్రి ఎవడో లోపలికొచ్చి ముప్పై చానెళ్లలోనూ ఒకేసారి విదేశాలకి కాల్స్ తిప్పుతాడు. సోమవారం తాళం తీసేదాకా మీకు తెలియదు, బిల్లు మాత్రం మీదే.

కాబట్టి చానెల్ ఆప్షన్‌తో పాటు ఆ పాస్‌వర్డూ ఈరోజే మార్చండి, బయటి దారి మూయించండి. ఐఎస్‌డీని మీ పెట్టెలో ఆపితే చాలదు, లైన్ ఇచ్చిన వాళ్లకి ఉత్తరం రాసి ఎక్స్ఛేంజ్‌లోనే ఆపించండి. అక్కడ ఆపినదాన్ని మీ తర్వాతి అప్‌డేట్ తెరవలేదు.