ఫ్లష్ బటన్ లోపలే ఇరుక్కుపోతే

మా ఫ్లష్ ట్యాంకు మీద రెండు బటన్లలో చిన్నది నొక్కితే పైకి రావడం లేదు. కమోడ్‌లోకి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏం చేయాలి?

బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమవైపు తిప్పి విప్పండి. చాలా ట్యాంకుల్లో బటన్ కింద రెండు ప్లాస్టిక్ పుల్లలు వేలాడుతుంటాయి. బటన్ నొక్కినప్పుడు అవే లోపలి వాల్వును నొక్కుతాయి. (పుల్లలకు బదులు తీగ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.)

బటన్ పక్కన పెట్టి, వాల్వును వేలితో నొక్కి ఒకసారి ఫ్లష్ చేయండి. కారడం ఆగిందా? అయితే తప్పు పుల్లదో బటన్‌దో: పుల్ల పొడవెక్కువై గానీ, బటన్ ఇరుక్కుపోయి గానీ వాల్వును ఎప్పుడూ నొక్కే ఉంచుతోంది. ఆగకపోతే వాల్వు అడుగున రబ్బరు వాషర్ చూడాలి, బటన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

పుల్లకు మరలు ఉంటాయి. రెండు మూడు చుట్లు తిప్పి పొట్టి చేయండి. బిగించాక పుల్లకూ వాల్వుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు చాలు. మరీ పొట్టిదైతే ఎంత నొక్కినా నీళ్లు రావు, మళ్లీ ఒక చుట్టు పొడవు పెంచాలి.

మా ఇంట్లో ఇలాగే అయినప్పుడు పుల్ల సరిగానే ఉంది. బోరు నీళ్ల తెల్లటి పొర బటన్ అంచున పేరుకుంది. గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదిలింది. కొబ్బరినూనె మాత్రం పూయకండి, దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది.