రాగి రేటు, చిలీ పెసో

ప్రశ్న: రాగి రేటు పడితే చిలీ పెసో కూడా పడిపోద్ది అంటారు, రెండిటికీ లింకేంటి?

చిలీ ఎగుమతుల్లో దాదాపు సగం రాగే, అది అమ్మితే వచ్చేది డాలర్లు. కానీ గనుల్లో జీతాలు, లోకల్ కాంట్రాక్టర్ల బిల్లులు కట్టాల్సింది పెసోల్లో, అందుకని కంపెనీలు ఆ డాలర్లలో కొన్ని శాంటియాగో మార్కెట్లో అమ్మి పెసోలు కొంటాయి. రాగి రేటు పెరిగితే అమ్మకానికొచ్చే డాలర్లు ఎక్కువై పెసో బలపడుద్ది, పడితే రివర్స్. ట్రేడర్లు ఆ డాలర్లు వచ్చేదాకా ఆగరు కదా, రాగి కదిలిన రోజే పెసోని కూడా కదిలించేస్తారు.

2008 చూడండి, ఆ ఏడాది మధ్యలో టన్ను 8,000 డాలర్లు దాటిన రాగి డిసెంబర్‌కి 3,000 దగ్గరికి పడింది, మార్చిలో డాలర్‌కి 430-440 ఉన్న పెసో ఏడాది చివరికి 600 దాటేసింది. (అప్పుడు అందరూ డాలర్ల కోసం ఎగబడ్డారు, తప్పంతా రాగిది కాదు.)

ఈ లింకు తెగిపోతుంది కూడా. 2019 అక్టోబర్‌లో చిలీలో గొడవలు మొదలయ్యాక రాగి పెద్దగా కదల్లేదు, పెసో మాత్రం 800 దాటింది. ఇక సౌదీ రియాల్ అయితే డాలర్‌కి 3.75 దగ్గర కట్టేసి ఉంటుంది, ఆయిల్ ఎంత పడినా రేటు అదే.