మాయ పడిన తర్వాత ఇన్సులిన్ డోసు ఎందుకు తగ్గిస్తారు?

ప్రశ్న: "నాకు టైప్ 1 షుగర్ ఉంది, వచ్చే నెలలో కాన్పు. ఇప్పుడు రోజుకు 70 యూనిట్లు దాటి పడుతోంది. మాయ పడగానే డోసు సగానికి తగ్గిస్తామని డాక్టరుగారు అన్నారు. అంత హఠాత్తుగా తగ్గిస్తే షుగర్ పెరిగిపోదా?"

జవాబు:

పెరగదండీ. నిజానికి ఆ సమయంలో డోసు తగ్గించకపోతేనే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం. నేను విశాఖపట్నంలో ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. గాజువాక నుంచి వచ్చిన ఒక టైప్ 1 తల్లి విషయం చెబితే మీకు తేలికగా అర్థమవుతుంది.

గర్భానికి ముందు ఆమెకు రోజుకు 36 యూనిట్లు సరిపోయేవి, నెలలు నిండేసరికి అవి 74కు చేరాయి. మాయ నుంచి వచ్చే ప్లాసెంటల్ లాక్టోజెన్, గ్రోత్ హార్మోన్ వంటివి తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని మందగింపజేసి, బిడ్డకు గ్లూకోజ్ ఎక్కువగా అందేలా చేస్తాయి. పెరిగిన డోసులో చాలా భాగం ఆ అడ్డును దాటడానికే ఖర్చవుతుంది.

నొప్పులు మొదలయ్యాక ఆమెకు 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ కలిపి సిరంజి పంపుతో ఇస్తూ, పక్కనే 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాము. గంటగంటకూ వేలి నుంచి రక్తం తీసి చూస్తూ షుగర్‌ను 70 నుంచి 110 మధ్య ఉంచాము. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది గాని, ఇన్సులిన్ చేరదు. అందువల్ల తల్లి షుగర్ ఎక్కువగా ఉంటే బిడ్డ క్లోమం తనే ఇన్సులిన్ అధికంగా తయారుచేస్తుంది, బొడ్డుతాడు కోశాక గ్లూకోజ్ రాక ఆగిపోయినా ఆ ఇన్సులిన్ మిగిలి ఉండి బిడ్డ షుగర్ పడిపోతుంది.

మొదట గంటకు 1.5 యూనిట్లు పట్టినది, నొప్పులు ముదిరి గర్భాశయ కండరం గట్టిగా పనిచేస్తూ గ్లూకోజ్ వాడుకోవడంతో ఒక యూనిట్ సరిపోయింది. మాయ పడగానే దానిని 0.5కు తగ్గించాము. ఆ హార్మోన్లను తయారుచేసే అవయవం బయటికి వచ్చేసింది, రక్తంలో మిగిలినవి కూడా త్వరగా కరిగిపోతాయి. అయితే ముందురోజు వేసిన దీర్ఘకాలిక ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూ ఉండవచ్చు, అది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం.

ఆమె ఇడ్లీ తినగలిగాక చర్మం కింద ఇంజెక్షన్ ఇచ్చి, మరికొంతసేపు డ్రిప్ నడిపి ఆపేశాము. టైప్ 1 వారికి ఇన్సులిన్ పూర్తిగా ఆపితే కీటోన్లు పెరిగిపోతాయి కనుక ఈ వరుస తప్పనిసరి. ఆ తర్వాత రోజుకు 26 యూనిట్లు, అంటే గర్భానికి ముందు డోసు కన్నా తక్కువే పట్టాయి, ఎందుకంటే పాలివ్వడం కూడా షుగర్‌ను తగ్గిస్తుంది.

కాన్పు తర్వాత కేసు షీటులో పాత డోసే కొనసాగడం తరచుగా జరిగే పొరపాటు. కనుక కాన్పు తర్వాతి డోసును ఇప్పుడే డాక్టరుగారి చేత విడిగా రాయించుకోండి. చెమట, చేతుల వణుకు, తల తిరగడం వస్తే కాన్పు అలసట అనుకోకుండా వెంటనే గ్లూకోమీటరుతో చూడమని అడగండి. రాత్రి పాలిచ్చే ముందు తినడానికి ఏదైనా చేతికి అందేలా పెట్టుకోండి.