మూతపడిన కంపెనీ పీఎఫ్: ఎగ్జిట్ డేట్ పెట్టే ముందు ఆగండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. 2010 జూన్ నుంచి 2017 ఆగస్టు వరకు విశాఖలో ఓ చిన్న మెషీన్ పార్టుల కంపెనీలో చేశాను. అది మూతపడింది, ఓనరు ఫోన్ ఎత్తడు. నాలుగేళ్లుగా ఇక్కడే వేరే ఉద్యోగం, పీఎఫ్ ఉంది. పాత పాస్‌బుక్‌లో 2015 మార్చి దాకానే జమలు కనిపిస్తున్నాయి. జీతంలో మాత్రం చివరి నెల దాకా కోశారు. ఎగ్జిట్ డేట్ నేనే పెట్టుకుంటే డబ్బు వచ్చేస్తుందని నెట్ సెంటర్ అబ్బాయి అంటున్నాడు. ఈలోగా అమ్మాయి ఫీజుకి 3 రూపాయల వడ్డీకి లక్ష తేవాలనుకుంటున్నా. సర్వీసు ఎలా రుజువు చేయాలి?

జవాబు: ముందు ఆ నెట్ సెంటర్ అబ్బాయిని ఆపండి. పీఎఫ్ పోర్టల్‌లో Mark Exit నొక్కితే, చివరి జమ పడిన నెలలోని తేదీనే అది తీసుకుంటుంది. అంటే మీ విషయంలో 2015 మార్చి. ఆ నెలలోనే కంపెనీ వదిలేశానని మీ ఆధార్ ఓటీపీతో మీరే రాసిచ్చినట్టవుతుంది. ఆ తర్వాత 29 నెలల కోతల గురించి అడిగితే ఎవరు వింటారు? మూతపడిన కంపెనీల ఉద్యోగులు చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. తేదీ మార్చాలంటే మామూలుగా మళ్లీ యజమాని సంతకం అడుగుతారు, ఆయన లేకే కదా ఈ గొడవంతా.

2015 మార్చి దాకా మీకు టెన్షన్ లేదు. జమలు పీఎఫ్ ఆఫీసు దగ్గరే ఉన్నాయి, కంపెనీ ఉన్నా లేకపోయినా అవి చెరిగిపోవు. రుజువు కావాల్సింది మిగతా 29 నెలలకే.

జీతం స్లిప్ ఒక్కటీ చూపిస్తే ఎవరైనా టైపు చేసుకోవచ్చంటారు. బ్యాంకు ఎంట్రీ ఒక్కటీ చూపిస్తే డబ్బు వచ్చిందని తెలుస్తుంది తప్ప కోత సంగతి తేలదు. రెండూ రూపాయి తేడా లేకుండా కలిస్తేనే బలం. ఉదాహరణకు 2016 మే స్లిప్‌లో మొత్తం జీతం 14,000, బేసిక్, డీఏ కలిపి 9,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే 1,080. ఈఎస్ఐ అప్పట్లో 1.75 శాతం, 245. చేతికి 12,675. జూన్ మొదటి వారంలో మీ ఖాతాలో సరిగ్గా 12,675 కంపెనీ పేరు మీద పడి ఉంటే, ఆ 1,080 మీ దగ్గర కోశారని తేలినట్టే. అడ్వాన్సు కోత ఉన్న నెలల్లో లెక్క తేడా వస్తుంది, అది స్లిప్‌లో ఏ వరుసలో ఉందో పెన్నుతో గుర్తు పెట్టండి. స్లిప్ పోయిన నెలలకు ముందూ వెనకా నెలల స్లిప్పులే ఆధారం.

స్టేట్‌మెంట్ కోసం ఈ వారమే వెళ్లండి. చట్టం ప్రకారం బ్యాంకులు లావాదేవీల రికార్డు ఐదేళ్లు ఉంచితే చాలు. చాలా చోట్ల అంతకంటే పాతవీ దొరుకుతాయి గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. జీతం ఆంధ్రా బ్యాంకులో పడేదైతే 2020 ఏప్రిల్ నుంచి అది యూనియన్ బ్యాంకు. శాఖ ముద్ర, సంతకంతో తీసుకోండి. ఎంట్రీలో కంపెనీ పేరు లేకుండా ఉత్త ‘ట్రాన్స్‌ఫర్’ అని ఉంటే, పంపిన ఖాతా పేరు రాసివ్వమని అర్జీ పెట్టండి.

ఈ కాగితాలతో పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్ EPFiGMS లో ఫిర్యాదు చేయండి. అది పాత కంపెనీ ఏ పీఎఫ్ ఆఫీసు కిందకు వస్తుందో అక్కడికి వెళ్లాలి, ఒడిశా ఆఫీసుకు కాదు. నెలవారీ పట్టిక ఒకటి జత చేయండి: స్లిప్ మొత్తం, కోత, బ్యాంకులో పడిన తేదీ, మొత్తం. డబ్బు రాబట్టడం కంపెనీకి మిగిలిన ఆస్తుల మీద ఆధారపడుతుంది, కాబట్టి హామీ ఇవ్వలేను. అయినా ఇది వదులుకునే విషయం కాదు. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతం 15,000 అయితే, ఒక్కో ఏడాది సర్వీసు నెలకు సుమారు 214 రూపాయల పెన్షన్ పెంచుతుంది, అదీ జీవితాంతం. ఈ సంగతి తేలాక పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేయించండి. 10సీ ఫారం పెట్టి పాత పెన్షన్ డబ్బు మాత్రం తీయకండి, సర్వీసు తెగిపోతుంది. ఏదైనా ఫారం మీద పాత యజమాని సంతకం అడిగితే గెజిటెడ్ అధికారితోగానీ మీ బ్యాంకు మేనేజరుతోగానీ ధ్రువీకరణ చేయించవచ్చు.

ఇక ఆ 3 రూపాయల వడ్డీ. లక్షకు ఏడాదికి 36,000. మీరు పోరాడుతున్న 29 నెలల మీ వాటా, పై ఉదాహరణ లెక్కన నెలకు 1,080 చొప్పున 31,320. ఆ వాటా కంటే ఎక్కువ ఒక్క ఏడాది వడ్డీకే పోతుంది, పైగా ఫిర్యాదు ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలీదు. ఈ అప్పు ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు! విద్యా రుణం 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండానే ఇస్తారు, కాలేజీ అడ్మిషన్ కాగితంతో బ్యాంకుకు వెళ్లండి.

మీ అసలు సమస్య ఒక్క ఫీజుకే అప్పు గుమ్మం ఎక్కాల్సి రావడం. నాలుగేళ్లుగా జీతం వస్తోంది, అత్యవసర నిధి మాత్రం సున్నా. మీది మూతపడే అవకాశమున్న చిన్న కంపెనీల ఉద్యోగం, ఒకసారి రుచి కూడా చూశారు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఏ చీటీలోనూ చేరకండి, ఏ బండీ మార్చకండి. జీతం పడ్డ మర్నాడే 3,000 రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. స్టేట్‌మెంట్ కోసం ఎలాగూ వెళ్తున్నారు, అదే రోజు ఈ పనీ ముగించుకుని రండి.