సబ్బుకు 20 మిగులుతుందా? ఆ లెక్క ఇంకోసారి చూడండి

ప్రశ్న: నమస్తే సర్. ఇంట్లోనే సబ్బులు చేసి నేరుగా కస్టమర్లకు అమ్ముతున్నాను, నెలకు 200 దాకా పోతాయి. లెక్క సులువుగా ఉండాలని ఒక సబ్బు ధర 100 అనుకోండి. ముడిసరుకుకు 28, ప్యాకింగ్‌కు 7 అవుతుంది. ఒక షాపు వాళ్లు ఒకేసారి 500 తీసుకుంటాం, 55కి ఇవ్వండి, డబ్బు 60 రోజుల్లో ఇస్తాం అంటున్నారు. సబ్బుకు 20 మిగులుతుంది కదా అని ఒప్పుకుందామనుకుంటున్నాను. సరుకు కొనడానికి నెలకు 2 శాతం వడ్డీకి అప్పు దొరుకుతోంది. ఇంటి ఖర్చులకు రెండు నెలలకు సరిపడా పొదుపు ఉంది. నా రిటైల్ ధర దెబ్బతినకుండా హోల్‌సేల్ ధర ఎంత చెప్పాలి?

జవాబు: ముందు ఆ అప్పు మాట పక్కన పెట్టండి. ధర ఎంతైనా సరే, ఆ అప్పుతో ఈ ఆర్డర్ చేయొద్దు. ఎందుకో లెక్కతోనే చూపిస్తాను. మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం కూడా చెప్తాను: చిన్నగా మొదలుపెట్టిన తయారీదారుల్లో చాలామంది మొదటి పెద్ద ఆర్డర్ దగ్గర ఇదే పొరపాటు చేస్తారు. రిటైల్ ధర నుంచి కొంత కోసేసి దాన్నే హోల్‌సేల్ ధర అనుకుంటారు. హోల్‌సేల్ ధర పైనుంచి కోసుకుంటూ వచ్చేది కాదు, ఖర్చు నుంచి పైకి కట్టుకుంటూ వెళ్లాల్సింది.

20 మిగులుతుందన్నారు. అందులో మీ పని ఎక్కడుంది? కలపడం, అచ్చుల్లో పోయడం, కోయడం, చుట్టడం... ఇదంతా కూలికి చేయిస్తే సబ్బుకు ఎంత అవుతుందో అంత ఖర్చులో వేయాల్సిందే. నేను 12 వేస్తున్నాను, మీ చేతి వేగాన్ని బట్టి మార్చుకోండి. నెలకు 200 చేసినప్పుడు ఖాళీ సమయంలో చేశాం అనిపిస్తుంది, 500 అదనంగా చేయాలంటే మనిషిని పెట్టుకోక తప్పదు, అప్పుడు ఆ 12 నిజంగానే చేతి నుంచి పోతుంది. షాపు దాకా రవాణా, అట్టపెట్టెలు కలిపి సబ్బుకు ఇంకో 5 అనుకుందాం. 28, 7, 12, 5 కలిపితే 52. మీరు ఇవ్వబోయేది 55కి. అంటే సబ్బుకు మిగిలేది 3, మొత్తం 500 మీద 1,500.

ఇప్పుడు అప్పు సంగతి. ముడిసరుకు, ప్యాకింగ్ కలిపి 500 సబ్బులకు 17,500 కావాలి. మీరు చేసేది ఉడికించకుండా చేసే కోల్డ్ ప్రాసెస్ సబ్బయితే కోశాక ఆరడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఆ తర్వాత షాపు వాళ్ల 60 రోజులు. తక్కువలో తక్కువ మూడు నెలలు డబ్బు ఇరుక్కుంటుంది. నెలకు 2 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ 1,050. మీకు మిగిలేది 450. 500లో 5 సబ్బులు చెమ్మ పట్టో అంచులు విరిగో వెనక్కి వచ్చాయనుకోండి, 275 పోయి 175 మిగులుతుంది. షాపు వాళ్లు ఇంకో నెల ఆలస్యం చేశారనుకోండి, ఇంకో 350 వడ్డీ. అక్కడికి మీరు 175 నష్టంలో ఉన్నారు, 500 సబ్బులు చేసి, ఎదురు డబ్బు పెట్టి! ఒక్క నెల ఆలస్యం వింతేమీ కాదు, అరువు వ్యాపారంలో అది రోజూ జరిగేదే. ఇంత పల్చటి లాభం మీద వడ్డీ అప్పు తేవడం నాకు అసలు మింగుడుపడని విషయం. నెలకు 2 శాతం వినడానికి చిన్నదిగా ఉంటుంది, ఏడాదికి 24 శాతం అని ఒకసారి పైకి అనుకుని చూడండి.

ఇందులో మీ రిటైల్ ధర ఎక్కడ దెబ్బతింటుందో ఇంకా రాలేదు. నేరుగా 100కి అమ్మినప్పుడు కొరియర్, పేమెంట్ కమీషన్ కలిపి 13 పోయినా, ముడిసరుకు, ప్యాకింగ్ 35, పని 12 తీసేశాక మీకు 40 మిగులుతోంది. ఇంటిని నడిపేది ఆ 40. షాపు వాళ్ల చేతిలో 55కి కొన్న 500 సబ్బులు ఉన్నాయి, వాళ్లకు అవి త్వరగా కదలాలి, 80 అని బోర్డు పెడతారు, అయినా వాళ్లకు 25 మిగులుతుంది. అదే సబ్బు, అదే కవరు, మీ దగ్గర 100, అక్కడ 80. మీరు నెలకు అమ్మే 200 సబ్బుల్లో 60 అటు వెళ్తే నెలకు 2,400 పోతుంది. ఆర్డర్ మొత్తం మీద మీకు దక్కేది 450 అని ఇప్పుడే చూశాం. ఇంకా కష్టమైన సంగతి ఏంటంటే, 80కి చూసిన కస్టమర్ 100 మళ్లీ ఇవ్వడు, మీరు కూడా 85 అని ఆఫర్ పెడతారు, రెండు నెలల్లో మీ రిటైల్ ధరే 85 అయిపోతుంది.

సరే, ఎంత చెప్పాలి? కింది నుంచి కడదాం. ఎక్కువ సరుకు ఒకేసారి కొంటే ముడిసరుకు 28 నుంచి 25కి దిగిందనుకుందాం (దిగుతుందో లేదో అమ్మేవాళ్లను అడిగి రాయించుకోండి, ఊహించొద్దు). 25, 7, 12, 5 కలిపి 49. పాడైనవాటికి 1. సొంత డబ్బే అయినా కొన్ని నెలలు ఇరుక్కుంటుంది కాబట్టి దానికి 2. అత్యవసర నిధికి 5. లాభం 8. మొత్తం 65. ఇది మీ హోల్‌సేల్ ధర. దీనికంటే కిందకు దిగమని ఎవరన్నా, ఆ తగ్గింపు ఏ ఖర్చు తగ్గడం వల్ల వస్తోందో చూపించగలిగితేనే దిగండి. ఎక్కువ కొంటున్నారు కాబట్టి తగ్గించాలి అనే వాదనకు విలువ, ఎక్కువ చేయడం వల్ల మీకు నిజంగా ఎంత ఆదా అయిందో అంత వరకే. ఇక్కడ అది 3. ఆ 3 మొత్తం ఇచ్చేసినా పర్వాలేదు, 55 దాకా ఎందుకు దిగాలి?

చిన్న షాపులు కూడా అడుగుతాయి కాబట్టి 50 సబ్బులకు 68, 500కి 65 అని రెండు మెట్లు పెట్టుకుంటే చాలు. మెట్ల మధ్య దూరం ఎక్కువ పెట్టొద్దు. 50కి 75, 500కి 55 అని పెట్టి చూడండి, 500 కొన్నవాళ్లు వాటిలో కొన్ని పక్క షాపులకు 65కి అమ్ముకుంటారు, వాళ్లే మీకు పోటీ హోల్‌సేలర్ అయిపోతారు. చిన్న షాపుల ఆర్డర్లు ఉన్నట్టుండి ఆగిపోయి, మీ సబ్బు మాత్రం వాళ్ల అలమారాల్లో కనిపిస్తూ ఉంటే జరిగింది ఇదేనని తెలుసుకోవచ్చు.

65కి షాపు వాళ్లకు 35 శాతం మార్జిన్ ఉంటుంది. మాకు సగం కావాలి అని వాళ్లు అనొచ్చు, అది వాళ్ల వైపు నుంచి అన్యాయమేమీ కాదు, అద్దె, మనుషులు, అమ్ముడుపోని సరుకు వాళ్లకూ ఉంటాయి. కానీ అప్పుడు మారాల్సింది మీ 65 కాదు, మీ 100. 65 మీద సగం మార్జిన్ ఇవ్వాలంటే రిటైల్ ధర 130 ఉండాలి. ఆ ధరకు మీ కస్టమర్లు కొంటారా లేదా అన్నది షాపు కంటే ముందు మీరే నేరుగా అమ్మి చూసుకోవాలి. కొనకపోతే ఈ సబ్బు ఇప్పటికి హోల్‌సేల్‌కు సరిపోయే సరుకు కాదు, అంతే. తలవంపులేమీ లేవు అందులో.

రిటైల్ ధర కాపాడుకోవడానికి అన్నిటికంటే బాగా పనిచేసేది, షాపుకు ఇచ్చే ప్యాక్ వేరుగా ఉంచడం. మీరు విడి సబ్బు అమ్మండి, షాపుకు ఐదు సబ్బుల పెట్టె ఇవ్వండి, లేదా వేరే బరువు, వేరే పరిమళం. అప్పుడు కస్టమర్ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడటం కష్టం. షాపులో తప్ప ఆన్‌లైన్‌లో పెట్టకూడదని ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి. పెట్టె మీద సూచించిన ధర ముద్రించవచ్చు గానీ, ఇంతకే అమ్మాలి అని షాపును కట్టడి చేయడం చాలా దేశాల్లో పోటీ చట్టాల కింద చిక్కు తెస్తుంది, ఆ మాట రాసే ముందు తెలిసినవాళ్లను అడగండి. ఇంకొకటి, మీరు కూడా షాపుల ధర కిందకు వెళ్లే ఆఫర్లు పెట్టొద్దు. మీ దగ్గర 75కి దొరికే సబ్బును 68కి కొన్న షాపు రెండోసారి కొనదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది, అత్యవసర నిధికి వేసిన ఆ 5 గురించి. రెండు నెలల పొదుపు ఉందన్నారు. అది ఇంటి డబ్బు, దాన్ని వ్యాపారంలో కలపొద్దు, ముందు దాన్నే ఆరు నెలలకు పెంచాలి, ఎందుకంటే మీ ఆదాయం ప్రతి నెలా ఒకేలా రాదు. వ్యాపారానికి వేరే ఖాతా, వేరే నిధి. అది ఎంత ఉండాలో నేను ఒకే కొలతతో చెప్తాను: అరువు మీద ఇచ్చిన ఆర్డర్ డబ్బు ఒక్క పైసా రాకపోయినా, ఆ తర్వాతి నెల మీ 200 సబ్బులకు సరుకు కొనగలగాలి, ఇంటి పొదుపు ముట్టుకోకుండా. ఇవాళ మీరు ఆ స్థితిలో లేరు. కాబట్టి 500 సబ్బులు అరువు మీద ఇచ్చే స్థోమత ఇవాళ మీకు లేదు. నేను చూసిన వాళ్లలో ఒకావిడ 30 రోజులన్న డబ్బు కోసం నాలుగు నెలలు తిరిగింది. సరుకు బాగానే అమ్ముడైంది, ధర కూడా బాగానే ఉంది, కానీ ఆ నాలుగు నెలలూ పాత కస్టమర్లకు ఇవ్వడానికి ముడిసరుకు కొనలేక అమ్మకాలు ఆపేసింది. ఆ కస్టమర్లలో చాలామంది తిరిగి రాలేదు. ఆమె దగ్గర ఒక నెల సరుకుకు సరిపడా డబ్బు పక్కన ఉండుంటే ఇదంతా కేవలం టెన్షన్‌తో పోయేది.

ప్రతి హోల్‌సేల్ సబ్బు నుంచి 5 తీసి ఆ ఖాతాలో వేయండి, డబ్బు వచ్చిన రోజే, లాభం లెక్క చూసుకోక ముందే. అమ్మకానికి పెట్టి అమ్మాక డబ్బు తీసుకునే పద్ధతి, బిల్లు చూపించి ముందే డబ్బు తెచ్చుకోవడం లాంటివి కూడా ఉన్నాయి, నిధి లేకుండా అవి కూడా వద్దు.

షాపు వాళ్లకు ఇలా చెప్పండి: మొదటిసారి 100 సబ్బులే ఇస్తాను, అది కూడా ఐదింటి పెట్టెల్లో, సబ్బుకు 68 చొప్పున, సగం అడ్వాన్స్, మిగతా సగం సరుకు పంపే ముందు. 100 సబ్బులకు ముడిసరుకు, ప్యాకింగ్ 3,500, మీకు వచ్చే అడ్వాన్స్ 3,400, దాదాపు సరిపోయింది, అప్పు అవసరమే రాలేదు. ఆ వందా ఎన్ని రోజుల్లో అమ్ముడయ్యాయో, ఏ ధరకు అమ్మారో మీరే వెళ్లి చూడండి. రెండో ఆర్డర్‌లో 500 మాట మాట్లాడొచ్చు, 65కి, అప్పటికి నిధి ఎంత పోగైందో అంత మేరకే అరువు. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ ఆర్డర్ వదిలేసి, ఈ నెల 200 సబ్బులు ఎప్పటిలాగే 100కి అమ్ముకోండి.