గంటలు సరిపోతున్నా ప్రాజెక్టు ఎందుకు జారుతోంది?

"అన్నా, నల్లగొండలో మాది ఐదుగురి టీమ్. లెక్క ప్రకారం టైమ్ సరిపోవాలి, కానీ సపోర్ట్ కాల్స్ వల్ల ప్రాజెక్టు ప్రతి వారం వెనక్కి పోతోంది. ఎట్లా ప్లాన్ చేయాలి?"

తమ్ముడూ, టీమ్ మొత్తం గంటలు కాదు, ఒక్కో పని తెలిసినవాళ్ల గంటలు చూడు. మీటింగులు తీసేస్తే మనిషికి వారానికి 30 గంటలు, ఐదుగురికి 150 అనుకుందాం. సపోర్ట్‌కు 60, ప్రాజెక్టుకు 80 పోతే ఇంకా 10 మిగిలినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు స్కిల్స్ పట్టిక గీయి. అడ్డంగా పేర్లు, నిలువుగా పనులు. రాకపోతే 0, పక్కన ఎవరైనా ఉంటే చేయగలిగితే 1, ఒంటరిగా చేస్తే 2. డేటాబేస్ వరుసలో ఒక్కరికే 2 ఉందనుకో. ఆ మనిషి మీద 15 గంటల సపోర్ట్, 25 గంటల ప్రాజెక్టు పడితే 40 అయింది. ఉన్నవి 30. జాప్యమంతా అక్కడే!

వారానికి ఇద్దరిని పూర్తిగా సపోర్ట్‌కు పెట్టు, వాళ్లకు ప్రాజెక్టు పని ఇవ్వకు. డేటాబేస్ టికెట్లు ముందు 1 ఉన్నవాళ్లకే వెళ్లాలి. తెలిసినాయన పక్కన కూర్చుని చూపించాలి, చేసిపెట్టకూడదు (ఇదే కష్టం, ఆయన చెయ్యి ఆగదు). మొదట్లో ఇద్దరి టైమూ పోతుంది కాబట్టి ప్రాజెక్టు తేదీ ఇప్పుడే జరిపి మేనేజర్‌కు చెప్పు. బతుకమ్మ, దసరా వారాల్లో మాత్రం మనిషికి 30 గంటలు వేయకు.