పేపర్ ట్రేడింగ్‌లో నాకు ఒక్కసారి కూడా నో బిడ్ పడలేదు

ప్రశ్న: ఆప్షన్స్‌లో నిజం డబ్బు పెట్టే ముందు ఆరు నెలలు పేపర్ ట్రేడింగ్ చేయమని అందరూ అంటున్నారు. మీరెవరైనా చేశారా? ఉపయోగపడిందా?

నేను నాలుగు నెలలు చేశాను. మూడు వారాలు చేసి ఆపేసి ఉంటే బాగుండేది.

ఆ మూడు వారాలు మాత్రం దండగ కాదు. రెండో రోజే వంద షేర్లు కొని, స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టాను. కాస్త లాభం కనపడగానే చేత్తో అమ్మేశాను. పెండింగ్‌లో ఉన్న స్టాప్‌లాస్‌ను రద్దు చేయడం మర్చిపోయాను. మధ్యాహ్నం ధర కిందికి రాగానే అది కాస్తా అమలైంది. నా దగ్గర లేని వంద షేర్లు అమ్మేసి కూర్చున్నాను! ఉత్తుత్తి డబ్బు కాబట్టి నవ్వుకున్నాను. ఇలాంటి బటన్ల తప్పులు నేర్చుకోవడానికి పేపర్ ట్రేడింగ్‌ను మించింది లేదు. అంతవరకే.

నేను వాడిన పేపర్ ట్రేడింగ్ యాప్ ఊరికే పది లక్షల ఉత్తుత్తి డబ్బు ఇచ్చింది. నాలుగు నెలల్లో అది పన్నెండున్నర లక్షలు దాటింది. మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు ఇల్లు. ఆ ఏడు నా వాటాకు వచ్చిన దాంట్లో నలభై వేలు అసలు ఖాతాలో వేశాను.

మొదటి ట్రేడ్ ఒక స్టాక్ ఆప్షన్, లాటుకు 700 షేర్లు. తెర మీద చివరి ధర 12 రూపాయలు. మార్కెట్ ఆర్డర్ కొట్టాను, 13.20కి పడింది. పొరపాటేమో అనుకున్నాను. గంటలో ధర 14 చూపించింది. అమ్మితే వచ్చింది 12.60. పేపర్ యాప్‌లో ఇదే ట్రేడ్ 12కి కొని 14కి అమ్మినట్టు, 1,400 లాభం. నా ఖాతాలో షేరుకు 60 పైసల చొప్పున 420 నష్టం. రెండు వైపులా బ్రోకరేజీ 40, పన్నులూ ఛార్జీలూ ఇంకో పాతిక. మొత్తం 485 పోయింది. నా అంచనా తప్పలేదు, ధర పెరిగింది, అయినా నష్టమే.

రాత్రి నాన్నకు చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఏందబ్బయా, వేలంలో చూళ్లేదా? బోర్డు మీద ఆ రోజు పెద్ద రేటు రాస్తారు. అది ఎవరి బేలుకో పలికిన రేటు. మన బేలు దగ్గరికొచ్చి కొనేవోడు ఏమన్నాడో అదీ మన రేటు. ఏమనకుండా పోతే నో బిడ్, బేలు ఇంటికి తెచ్చుకోవాల" అన్నాడు.

సరిగ్గా అదే. తెర మీద కనపడే చివరి ధర అంతకు ముందు ఎవరో ఇద్దరి మధ్య కుదిరిన బేరం. జనం పెద్దగా తిరగని స్ట్రైకులో అది ఇరవై నిమిషాల కిందటిది కూడా కావచ్చు. ఇప్పుడు కొనాలంటే అమ్మేవాడు అడిగే ధర ఇవ్వాలి, అమ్మాలంటే కొనేవాడు ఇస్తానన్నదానికే ఇవ్వాలి. నేను వాడిన యాప్ ఈ రెండూ పట్టించుకోకుండా చివరి ధరకే నా ఆర్డర్లన్నీ నింపేసింది. అందులో నో బిడ్ అనేదే లేదు.

పది లక్షలు ఇంకో మోసం. నష్టంలో ఉంటే ఇంకో రెండు లాట్లు కొని సగటు తగ్గించుకోవడం అక్కడే అలవాటైంది. నలభై వేలతో అది కుదరదు కదా. ఆ అలవాటుతోనే రెండో వారంలో ఆరు వేలు పోగొట్టుకున్నాను. టెలిగ్రామ్‌లో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టి కోర్సులు అమ్ముకునేవాళ్లలో సగం మందివి ఈ ఉత్తుత్తి ఖాతాలేనని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత యాప్ పక్కన పెట్టి నోటుపుస్తకం తీశాను. పెట్టుబడి నలభై వేలే అని పైన రాసుకున్నాను. కొన్నప్పుడు అమ్మేవాడి ధర, అమ్మినప్పుడు కొనేవాడి ధర మార్కెట్ డెప్త్‌లో చూసి రాశాను. ట్రేడుకు 65 రూపాయలు ఖర్చు కొట్టేశాను. అవే ఇరవై ట్రేడ్లు యాప్‌లోనూ వేశాను. యాప్ తొమ్మిది వేల లాభం చూపించింది, నోటుపుస్తకంలో రెండు వేల మూడొందలు నష్టం తేలింది. ఆరు నెలలు చేయమనేవాళ్లు ఈ రెండింట్లో ఏది చేయమంటున్నారో ముందు అడగండి.

నిఫ్టీ ఆప్షన్లలో, ఇప్పటి ధరకు దగ్గరి స్ట్రైకుల్లో, మామూలు రోజుల్లో కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ తేడా పైసల్లోనే ఉంటుంది, అక్కడ యాప్ మరీ అంత అబద్ధం చెప్పదు. మీరు ఏ ఆప్షన్ చూస్తున్నారో మాత్రం రాయలేదు.